గ్రహణం పట్టిన పొద్దు అలాగే కుంకితే భోజనం ఎప్పుడు?

“సాయంత్రం సూర్యగ్రహణం వస్తే ఎప్పటి నుంచి తినకూడదు? స్నానాలు ఎప్పుడు చేయాలి? మా కోడలికి ఆరో నెల. మీ ఇళ్లలో ఏం పాటించారు?”

2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు, మాకూ ఇదే చిక్కు వచ్చిందండి. నాకప్పుడు ఏడో నెల. హైదరాబాదులో సుమారు ఐదింటికి గ్రహణం పట్టింది. విడవకముందే, ఆరు కాకుండానే పొద్దు కుంకింది. దీన్ని గ్రస్తాస్తమయం అంటారు. సూర్యగ్రహణానికి నాలుగు జాములు, అంటే పన్నెండు గంటల ముందు నుంచి భోజనం మానాలన్నది నియమం. ఆ లెక్కన తెల్లవారుజామున ఐదింటికే ఆపేయాలి. మామూలుగా విడుపు స్నానం కాగానే తినవచ్చు. విడుపు కనబడకుండా సూర్యుడు అస్తమిస్తే మాత్రం మర్నాడు శుద్ధ బింబాన్ని చూశాకే భోజనం. మొత్తం ఇరవై అయిదు గంటలు!

మా అత్తగారు నియమం తప్పని మనిషి. అయినా పిల్లలకు, ముసలివాళ్లకు, రోగులకు, గర్భిణులకు జామున్నర చాలని చెప్పింది ఆవిడే. అంటే నాలుగున్నర గంటలు. అందుకని పన్నెండున్నరలోపు నాకు అన్నం పెట్టేశారు. నాకు అప్పట్లో షుగరు కూడా ఉండేది. ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉండవద్దని, మంచినీళ్లు ఆపవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. నాలుగింటికి మా అత్తగారే మజ్జిగ గ్లాసులో తులసాకు వేసి తెచ్చి, “మందనుకుని తాగు” అన్నారు. తను మాత్రం గ్రహణం పట్టగానే తలమీద చన్నీళ్లు పోసుకుని, జపానికి కూర్చున్నారు. నన్ను మాత్రం చన్నీళ్ల జోలికి వెళ్లనివ్వలేదు.

ఊరగాయ జాడీల మీద, పాల గిన్నె మీద దర్భలు వేశాం. మా మామగారు ఫ్రిజ్ తలుపుకే ఒక దర్భ తగిలించి, లోపలున్న వాటన్నిటికీ అదొక్కటే చాలన్నారు. బియ్యం, పప్పులకు ఏ దోషమూ లేదట. మధ్యాహ్నం వండింది మిగలకుండా కొలిచి వండుకుంటే పారబోసే పని ఉండదు.

కత్తి పట్టవద్దు, కదలవద్దు అన్నవి నేను పాటించలేదు. గ్రహణమొర్రి భయం ఎంత పాతదైనా, బిడ్డ పై పెదవి రెండో నెలలోనే కలిసిపోతుంది. ఏడో నెలలో వంకాయ తరిగితే చీలేది వంకాయే. అయినా మా అత్తగారి కంగారు చూసి ఆ గంట ఇంట్లోనే ఉన్నాను.

సూర్యుణ్ణి నేరుగా చూడవద్దన్న మాటలో మాత్రం రాజీ పడకండి. సాయంత్రం పొద్దు ఎర్రగా, చల్లగా కనిపించి మోసం చేస్తుంది, రెటీనా మాత్రం కాలుతుంది. మా ఆయన పడమటి కిటికీకి అట్ట అడ్డం పెట్టి, దానికి సూదితో చిన్న బెజ్జం చేశారు. ఎదుటి గోడ మీద రూపాయి బిళ్లంత వెలుగు పడింది, ఒక అంచు ఎవరో కొరికినట్టు. జపమాల చేతిలోనే ఉంచుకుని మా అత్తగారు వచ్చి, “గోడను చూస్తే దోషం లేదులే” అని నా పక్కనే కూర్చున్నారు.

ఏడింటికి స్నానాలయ్యాక నాకు వేడివేడిగా అన్నం వండి పెట్టి, తను కాసిని పాలు తాగి పడుకున్నారు.