రెండు రూపాయల వడ్డీకి 72 సూత్రం పనిచేస్తుందా?

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష ఇచ్చాను. 72 సూత్రం ప్రకారం మూడేళ్లలో రెట్టింపవుతుందా?

72ని ఏడాది వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో చెప్పేదే 72 సూత్రం. వడ్డీ అసలులో కలిస్తేనే అది వర్తిస్తుంది. మీది బారువడ్డీ అయితే 72 కాదు, 100ని భాగించాలి: 100/2, అంటే 50 నెలలు. నాలుగేళ్ల రెండు నెలలన్నమాట.

ఏటేటా వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తే అది చక్రవడ్డీ. నెలకు రెండు అంటే ఏడాదికి 24 శాతం కాబట్టి, సూత్రం 72/24, అంటే మూడేళ్లు అంటుంది. కానీ లక్ష మొదటి ఏడాదికి 1,24,000, రెండో ఏడాదికి 1,53,760, మూడో ఏడాదికి సుమారు 1,90,660 అవుతుంది. ఇంకో రెండున్నర నెలలు ఆగాలి. వడ్డీ రేటు ఇంత ఎక్కువైతే సూత్రం కాస్త తొందరపడుతుంది. ఎనిమిది శాతం దగ్గర దాదాపు కచ్చితం.

బ్యాంకు ఎఫ్‌డీలో సాధారణంగా మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తుంది కాబట్టి, అక్కడ నేనైతే 70 వాడతాను. ఏడు శాతానికి పదేళ్లు, లెక్క సరిగ్గా సరిపోతుంది.