లైబ్రరీ ప్రారంభోత్సవంలో ఏ వయసుకి ఏ పుస్తకమో ఎలా చెప్పాలి?

ప్రశ్న: వచ్చే వారం మా స్కూల్లో లైబ్రరీ ఓపెనింగ్. ప్రిన్సిపాల్‌గా నేనే మాట్లాడాలి. ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా ఏ వయసు పిల్లలకి ఏ పుస్తకాలు పెట్టామో తల్లిదండ్రులకి అర్థమయ్యేలా చెప్పమని కమిటీ వాళ్లు అడిగారు. లిస్టు చదివినట్టు ఉండకూడదు. ఎవరైనా ఇలాంటి స్పీచ్ ఇచ్చారా?

జవాబు:

ఇచ్చానండీ. హెడ్‌మాస్టర్‌గా ఉన్నప్పుడు మా బడి లైబ్రరీ తెరిచిన రోజు నేనే మాట్లాడాను. కాగితం తీసుకెళ్లలేదు, నాలుగు పుస్తకాలు పట్టుకుని స్టేజీ ఎక్కాను. ఒక్కొక్కటీ తెరిచి, పేజీ సభ వైపు తిప్పి చూపిస్తూ చెప్పాను. మీరూ అదే చేయండి. ఐదారు నిమిషాలు చాలు. ముందు వరసలో కూర్చునేది ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలే కదా, అంతకు మించి ఆగరు.

మొదటిది బొమ్మల పుస్తకం. పేజీకి ఒక్క వాక్యం, లేదా అసలు మాటలే లేనిది. దాన్ని చూపించగానే తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు "ఇందులో చదవడానికి ఏముంది సార్?" అంటారు. మా దగ్గర అన్నారు. అందుకే ఈ పుస్తకం మీద కాస్త ఎక్కువసేపు ఉండండి. నేను చెప్పింది దాదాపు ఇది:

"అమ్మా, 'ఆవు మేత మేసింది' అనే వాక్యంలో ఒక్క ఒత్తు కూడా లేదు. గుణింతాలు వచ్చిన పిల్లవాడు కూడబలుక్కుని చదివేస్తాడు. 'పిల్లి' అన్నామంటే లకి ఒత్తు వచ్చింది. 'కుక్క' అన్నా అంతే. 'నిర్లక్ష్యం' దగ్గరికి వచ్చేసరికి ఒత్తులు ఒకదాని పక్కన ఒకటి. మనకి చిన్న మాటలుగా కనిపించేవి వాళ్లకి చిన్నవి కావు. అందుకే మొదటి అరలో బొమ్మ ఎక్కువ, అక్షరం పెద్దది, ఒత్తులు తక్కువ. ఇంకా అక్షరాలు రాని పిల్లలు బొమ్మలు చూసి కథ చెబుతారు. ఇంట్లో మీరు పక్కన కూర్చుని వినండి, సరిదిద్దకండి."

రెండో పుస్తకం రెండు మూడు తరగతుల వాళ్లది, మూడోది నాలుగైదు తరగతుల వాళ్లది. ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ప్రథమ్ బుక్స్ లాంటి వాళ్ల పుస్తకాల మీద లెవెల్ 1, 2, 3, 4 అని ఉంటుంది. ఒకటో లెవెల్‌లో కథ మొత్తం 250 మాటల లోపు, రెండో దాంట్లో 600 దాకా, మూడులో 1500 దాకా, నాలుగులో అంతకు పైన. ఆ అంకె తరగతి నంబరు కాదు. ఈ మాట చెప్పకపోతే ఆరో తరగతి తండ్రి మా అబ్బాయికి ఆరో నంబరు ఎక్కడుందని వెతుకుతాడు. మూడో తరగతి తల్లి, పాప రెండో లెవెల్ పుస్తకం తెచ్చిందని బాధపడుతుంది.

మేము అరల మీద తరగతుల పేర్లు రాయలేదు. పుస్తకాల వెన్ను మీద రంగు స్టిక్కర్లు అంటించాం. ఎందుకంటే ప్రతి బడిలోనూ ఏడో తరగతిలో ఉండి రెండో తరగతి స్థాయిలో చదివే పిల్లలు ఉంటారు. "1, 2 తరగతులు" అని బోర్డు ఉన్న అర దగ్గరికి ఆ పిల్లవాడు స్నేహితుల ఎదుట వెళ్లడు. పసుపు స్టిక్కర్ దగ్గరికైతే వెళ్తాడు. కానీ అందులో కుందేలు పిల్ల కథలు మాత్రమే ఉంటే, పన్నెండేళ్ల వాడు రెండోసారి రాడు. కాబట్టి పసుపులోనే క్రికెట్, పాములు, రైళ్లు, దెయ్యాల కథలు కూడా ఉండాలి. వాక్యాలు తేలికగా, విషయం మాత్రం వాడి వయసుది. మీ లైబ్రరీలో అలాంటివి ఎన్ని ఉన్నాయో స్పీచ్‌కి ముందే ఒకసారి చూసుకోండి. తక్కువుంటే కొనే జాబితాలో ముందు అవే రాయండి. స్పీచ్‌లో మాత్రం వెనకబడిన పిల్లల ఊసు ఎత్తకండి, వాళ్లూ సభలోనే కూర్చుని ఉంటారు. "ఎవరైనా ఏ రంగు పుస్తకమైనా తీసుకోవచ్చు, పదో తరగతి వాళ్లు కూడా బొమ్మల పుస్తకం పట్టుకెళ్లొచ్చు" అనండి, సరిపోతుంది.

నాలుగో పుస్తకం పెద్దపిల్లలది. ఆరు నుంచి ఎనిమిది దాకా ఉన్నవాళ్లు "ఇది నిజంగా జరిగిందా సార్?" అని అడిగే వయసు. గ్రహాలు, జంతువులు, ప్రయోగాలు, జీవిత చరిత్రలు, యాత్రలు వాళ్లకి. తొమ్మిది, పది వాళ్లకి నవలలు, చరిత్ర, నిఘంటువులు పెట్టాం. పరీక్షల టెన్షన్‌లో వాళ్లు ఎలాగూ తక్కువే వస్తారు, అక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. గైడ్లు, టెస్ట్ పేపర్లు ఎందుకు పెట్టలేదని ఎవరైనా అడిగితే అవి స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాయని చెప్పండి. (దాతలు పాత గైడ్లు కట్టలు కట్టి పంపిస్తారు. స్టేజీ మీద కృతజ్ఞతలు చెప్పండి, అరలో పెడతామని మాత్రం మాట ఇవ్వకండి.)

తర్వాత ఐదువేళ్ల పరీక్ష. పుస్తకంలో ఒక పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. రెండు మూడు వేళ్లు ముడిస్తే ఆ పుస్తకం సరైనది. ఐదూ ముడిస్తే ఇప్పటికి పక్కన పెట్టాలి, లేదా పెద్దవాళ్లెవరైనా చదివి వినిపించాలి. దీన్ని ఏ పిల్లవాణ్నీ స్టేజీ మీదికి పిలిచి చేయించకండి, తడబడితే పరువు పోయిందనుకుంటాడు. నేను ఒక లా పుస్తకం తెరిచి నా మీదే చేసి చూపించాను. పేజీ సగానికి రాకముందే పిడికిలి బిగుసుకుంది, పిల్లలు పడీపడీ నవ్వారు.

అయితే ఈ పరీక్ష ఇంగ్లీషు చదువుల్లోంచి వచ్చింది. తెలుగులో ఒక చిక్కుంది. ఇంగ్లీషులో తెలియని మాటని పిల్లవాడు పలకలేక ఆగిపోతాడు, మనకి వెంటనే తెలిసిపోతుంది. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి అక్షరాలు వచ్చిన పిల్లవాడు అర్థం కాకపోయినా పేజీ మొత్తం గడగడా చదివేస్తాడు. తల్లిదండ్రులు విని మురిసిపోతారు. అందుకే వేలు ముడవాల్సింది పలకలేని మాటకి కాదు, అర్థం తెలియని మాటకి అని చెప్పండి. పేజీ అయ్యాక "ఏం జరిగిందిరా?" అని అడగమనండి. సొంత మాటల్లో చెబితే పుస్తకం వాడికి సరిపోయినట్టే. పేజీకి ఒకటి రెండు వాక్యాలున్న పుస్తకాలకి ఈ లెక్క పనిచేయదు, అక్కడ ఈ ప్రశ్న ఒక్కటే చాలు.

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారి ప్రస్తావన తెమ్మని మా స్టాఫ్ అన్నారు. ఆయన 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. ఈ సందర్భానికి ఆ రెండూ చాలు, ఐదూ అప్పజెబితే క్లాసు పాఠమవుతుంది. మీ ఓపెనింగ్ ఆగస్టు 12న అయితే ఆ రోజు ఆయన జయంతి అని కూడా కలపండి.

చివర్లో పుస్తకాలు ఇచ్చే రూల్ చెప్పేయండి: ఎన్ని, ఎన్ని రోజులకి. చిన్నపిల్లల పుస్తకాలు చిరుగుతాయి, దానికి ఫైన్ లేదని పైకి అనండి. లేకపోతే తల్లులు భయపడి పుస్తకాన్ని బీరువాలో దాచి, గడువు రోజున కొత్తదానిలా తిరిగి పంపిస్తారు. చిరిగితే ఇంట్లో సెలోటేప్ వేయొద్దు, అలాగే పంపండి, బడిలో అతికిస్తాం అనండి.

ఇంకొకటి, రిబ్బన్ కట్ అయ్యాక ముఖ్య అతిథిని మొదటి అర దగ్గరికే తీసుకెళ్లండి. అది మూడడుగుల ఎత్తు దాటకూడదు, పుస్తకాలు వెన్ను కాకుండా అట్ట కనబడేలా ఉండాలి. ఎల్‌కేజీ పిల్లలు అట్ట మీద బొమ్మ చూసే పుస్తకం తీస్తారు. ఫోటోలు అక్కడే తీయించండి.