వాట్సాప్ యాడ్: చౌక చాట్ వేరు, అమ్మకం వేరు

“మా వరంగల్ కొత్తవాడ దర్రీలకు వాట్సాప్ యాడ్స్ పెట్టిన అన్నా. మొదటిదాంట్లో చాట్‌కు 30 రూపాయలే పడుతోంది, కొనేవాళ్లే లేరు. రెండోదాంట్లో 60 పడుతోంది. ఆపేయాలా?”

ఇప్పుడే ఆపకు తమ్మీ. యాడ్ రిపోర్టులో చాట్‌ల లెక్కగా కనిపించే Messaging conversations started అంటే యాడ్ నొక్కి మెసేజ్ పంపినవాళ్ల లెక్క మాత్రమే. ముందే రాసి ఉన్న హలో పంపి మాయమైనవాళ్లూ అందులోనే ఉంటారు. 7 రోజులు మాట్లాడని పాత కస్టమర్ యాడ్ నుంచి మళ్లీ పలకరించినా కొత్త చాట్ కిందే పడుతుంది.

రెండు యాడ్‌లకూ ముందే రాసి ఉండే మెసేజ్ వేర్వేరుగా పెట్టు, ఎవరు ఎక్కడినుంచి వచ్చారో తెలుస్తుంది. ఎవరైనా దాన్ని చెరిపేసి సొంతంగా రాస్తే, చాట్ పైన కనిపించే యాడ్ బొమ్మ చూడు. సైజు, పంపాల్సిన ఊరు రెండూ చెప్పినవాళ్లకే ‘పనికొచ్చే చాట్’ అని లేబుల్ వెయ్యి. ‘ధర ఎంత’ అని అడిగి ఆగినవాళ్లకు వద్దు, ఇక్కడ మొహమాటపడితే లెక్కంతా పాడవుతుంది. డబ్బు పడ్డాక ఇంకో లేబుల్.

ఉదాహరణకు ఒక్కోదానికి 3,000 ఖర్చయిందనుకో. మొదటిదాంట్లో 100 చాట్‌లు, పనికొచ్చేవి 10, అమ్మకాలు 2: ఒక్కో అమ్మకానికి 1,500. రెండోదాంట్లో 50 చాట్‌లు, పనికొచ్చేవి 20, అమ్మకాలు 6: ఒక్కోదానికి 500. దర్రీ మీద 700 మిగిలితే మొదటిది నష్టమే.

అమ్మకాన్ని డబ్బు పడ్డ వారంలో కాదు, చాట్ మొదలైన వారంలో రాయి. ఇంట్లో అడిగి చెప్తామని పది రోజులకు కొనేవాళ్లుంటారు కదా, అందుకే నిన్నటి చాట్‌లు చూసి ఏ యాడ్‌నీ తీసేయకు.