గడువు పెంచమని క్లయింట్‌ని అడగాలంటే భయంగా ఉంది

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్‌లో ఎంఏ చదువుతూ ఇంగ్లీష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. ఒక ఏజెన్సీ ట్రాక్టర్‌కి తగిలించే స్ప్రేయర్ మాన్యువల్ ఇచ్చింది. మొత్తం 24,000 పదాలు, 13వ తేదీ శుక్రవారం ఇవ్వాలి. 2 నుంచి 8 వరకు వైరల్ జ్వరంతో మంచం దిగలేదు. ఇవాళ 10, మంగళవారం. 13,500 పదాలు అయ్యాయి, వాటిని సరిచూసుకున్నాను కూడా. రోజుకు 1,500 కంటే ఎక్కువ చేయలేను. 16న ఇంటర్నల్ పరీక్ష ఉంది. గడువు అడిగితే మళ్లీ పని ఇవ్వరేమోనని టెన్షన్. కరెంటు లేదనో, ల్యాప్‌టాప్ పాడైందనో చెప్పమంటోంది ఫ్రెండ్. లేదా 'ఇంకొంచెం టైమ్ కావాలి' అంటే సరిపోతుందా?

జవాబు: ముందు లెక్క వేద్దాం, మాటల సంగతి తర్వాత. మిగిలింది 10,500 పదాలు. శుక్రవారానికే ముగించాలంటే బుధ, గురు, శుక్రవారాల్లో రోజుకు 3,500 చేయాలి, అంటే మీ వేగానికి రెట్టింపు పైనే. జ్వరం నుంచి లేచిన మనిషి రాత్రుళ్లు మేలుకుని అలా చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. వాక్యాలు బాగానే ఉంటాయి, అంకెలు తప్పుతాయి. ఇది స్ప్రేయర్ మాన్యువల్. 20 మి.లీ. అన్నచోట 200 అని పడితే చదివిన రైతు అలాగే కలుపుతాడు. కాబట్టి శుక్రవారం ఆశ వదిలేయండి.

ఇప్పుడు కొత్త తేదీ. 10,500ని 1,500తో భాగిస్తే ఏడు రోజుల పని. 11 నుంచి 15 వరకు ఐదు రోజులు, ఆదివారం కూడా కలిపాను. 16 పరీక్ష, ఆ రోజు సున్నా వేసుకోండి. 17, 18తో అనువాదం పూర్తవుతుంది. 19న మొత్తం ఫైలు ఒకసారి చూడాలి. అంకెలు, యూనిట్లు, హెచ్చరిక గుర్తుల పక్కనున్న వాక్యాలు, ఒకే భాగానికి రెండు పేర్లు పడ్డ చోట్లు, ఇవన్నీ ఆ రోజు పని. 20 ఖాళీగా ఉంచండి. జ్వరం తర్వాత నీరసంతో ఒక రోజు పడుకుండిపోవచ్చు, నెట్ రాకపోవచ్చు, ఆ రోజు దానికి. అంటే మీ తేదీ 20 శుక్రవారం, సాయంత్రం 5 గంటలు. గంట కూడా చెప్పండి. '20 లోపు' అంటే అవతలివాళ్లు 20 ఉదయం అనుకుంటారు, మనం 20 అర్ధరాత్రి అనుకుంటాం.

'ఇంకొంచెం టైమ్' ఎందుకు పనికిరాదో తెలియాలంటే ఏజెన్సీలో మీ ఫైలు ఎక్కడెక్కడికి వెళ్తుందో చూడాలి. మీ దగ్గర్నుంచి రివ్యూయర్‌కి వెళ్తుంది. ఆయన గంటకు సుమారు వెయ్యి పదాలు చూస్తాడు. మీ 24,000కి మూడు రోజులు పడుతుంది, సవరణలు ఎక్కువైతే నాలుగు. ఆ రోజులు మీ మాన్యువల్ కోసం పక్కన పెట్టుకుని ఉంటాడు. తర్వాత డీటీపీ. బొమ్మల పక్కన తెలుగు అక్షరాలు ఇమడవు, ఒత్తులు విరుగుతాయి, పేజీలు పెరుగుతాయి, అక్కడ కూడా ఒక మనిషి తేదీలు వేసుకుని కూర్చుంటాడు. ఆ తర్వాత ప్రింటింగ్. ప్రాజెక్ట్ మేనేజర్ ఈ ముగ్గురికీ ఫోన్లు చేసి తేదీలు మార్చాలి. 'కొంచెం' అనే మాట పట్టుకుని ఆవిడ ఎవరికి ఫోన్ చేయగలదు? ఒక తేదీ ఉంటేనే కదా చేస్తుంది.

అందుకే అడగాల్సింది ఇవాళే. ఇవాళ చెబితే ఆవిడ చేతిలో కనీసం మూడు దారులున్నాయి. గడువు ఇవ్వచ్చు, కొంత భాగం ఇంకో అనువాదకుడికి పంచచ్చు, రివ్యూయర్‌కి ఆ రోజుల్లో వేరే పని సర్దచ్చు. శుక్రవారం సాయంత్రం చెబితే ఒక్కటీ మిగలదు. నిజానికి 4వ తేదీనే మంచంలోంచి రెండు లైన్ల మెసేజ్ పెట్టి ఉండాల్సింది. అయిపోయింది, అది కూడా మెయిల్‌లో ఒక్క వాక్యంలో ఒప్పేసుకోండి.

కారణం సంగతికొస్తాను. కరెంటు మాట వద్దు. అబద్ధం తప్పని నీతి చెప్పడానికి కాదు, ఆ కారణం మీరు అడిగే రోజులకు సరిపోదు. మీరు అడుగుతున్నది ఏడు రోజులు. హైదరాబాద్‌లో ఏడు రోజులు కరెంటు లేదంటే నమ్మేవాళ్లెవరు? ల్యాప్‌టాప్ పాడైతే సగం పని ఎలా అయిందని అడుగుతారు. మీ అసలు కారణం అడిగిన గడువుకు సరిగ్గా సరిపోతోంది. ఏడు రోజులు పడుకున్నారు, ఏడు రోజులు అడుగుతున్నారు. ప్లేట్‌లెట్ల లెక్క, టెస్ట్ రిపోర్టుల ఫొటోలు పంపకండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పని ఆగిందో చెబితే చాలు. ఇంటర్నల్ పరీక్షను మాత్రం కారణాల్లో చేర్చకండి. అది పని ఒప్పుకునేటప్పటికే తెలిసి ఉండాల్సింది. కొత్త తేదీ లెక్కలో దానికి చోటిచ్చాం, అంతవరకే.

వట్టి చేతులతో కూడా వెళ్లకండి. అయిన 13,500 పదాలు 13నే, మొదట ఒప్పుకున్న రోజే, ఇచ్చేయండి. రివ్యూయర్‌కి సోమ, మంగళవారాల పని దొరుకుతుంది, పని మొత్తం ఏడు రోజులు వెనక్కి జరగదు. దీనికి ఒక చిక్కుంది. సగం ఫైలు చేయి దాటాక మాటలు మార్చకూడదు. మొదటి భాగంలో 'ప్రెషర్' అని రాసి రెండో భాగంలో 'పీడనం' అంటే, 'నాజిల్' ఒకచోట 'ముక్కు' అయితే, రివ్యూయర్ మళ్లీ వెనక్కి వెళ్లి దిద్దాలి. అందుకని ఆ భాగంతో పాటు మీరు ఖాయం చేసుకున్న మాటల జాబితా ఒకటి పంపండి. యాభై అరవై మాటలుంటే చాలు. దాన్ని చూసి రివ్యూయర్ ఏదైనా మార్చమంటే మిగతా సగంలో ముందే మార్చుకోవచ్చు.

కొందరు ఉత్సాహంగా 'రోజూ కొంచెం పంపుతా' అంటారు. వద్దు. ఒక గడువు దాటినవాళ్లు ఏడు కొత్త గడువులు పెట్టుకోవడం తెలివైన పని కాదు. రెండు విడతలు చాలు.

మెయిల్ ఎలాగూ ఇంగ్లీష్‌లోనే రాస్తారు. విషయం వరస తెలియడానికి తెలుగులో ఇస్తున్నాను.

సబ్జెక్ట్: స్ప్రేయర్ మాన్యువల్, గడువు 13 నుంచి 20కి మార్చమని వినతి

"నమస్తే అండీ. స్ప్రేయర్ మాన్యువల్ ఈ శుక్రవారం 13కి పూర్తి కాదు. 20 శుక్రవారం సాయంత్రం 5 గంటల వరకు గడువు ఇవ్వమని కోరుతున్నాను.

2 నుంచి 8 వరకు వైరల్ జ్వరంతో పని చేయలేకపోయాను. అప్పుడే మీకు చెప్పాల్సింది, చెప్పలేదు, క్షమించండి. నిన్నటి నుంచి మళ్లీ పనిలో ఉన్నాను.

24,000 పదాల్లో 13,500 పూర్తయ్యాయి, సరిచూశాను. ఇవి 1 నుంచి 5 అధ్యాయాలు. వీటిని మాటల జాబితాతో సహా 13నే పంపుతాను, రివ్యూ మొదలుపెట్టుకోవచ్చు. మిగిలిన 10,500 పదాలు 20న ఇస్తాను.

ఈ తేదీ మీ రివ్యూకి, డీటీపీకి కుదురుతుందో లేదో రేపటిలోగా చెబితే దాన్నిబట్టి సర్దుకుంటాను."

చూడండి, అడిగింది మొదటి మూడు వాక్యాల్లోనే ఉంది. ఆరోగ్యం గురించి పేరా రాసి ఆఖర్న 'అందువల్ల...' అంటే ఆవిడ తేదీ కోసం వెతుక్కోవాలి. క్షమాపణ కూడా ఒక్కసారే ఉంది.

మెయిల్ పంపి వెంటనే ఫోన్ చేయండి. 'మెయిల్ పెట్టానండీ, ఒకసారి చూస్తారా' అంటే సరిపోతుంది. ఆవిడ 20 కుదరదు, 18కి ఇవ్వండి అనవచ్చు. ఇక్కడే చాలామంది జారిపోతారు, గొంతు వినగానే సరే అనేస్తారు. నేనూ అన్నాను. అనువాదాలు చేసే రోజుల్లో ఐదు రోజులు కావాల్సిన పనికి మొహమాటపడి రెండు రోజులు చాలన్నాను. మూడో రోజు మళ్లీ మెయిల్ పెట్టాల్సి వచ్చింది. మేనేజర్ ఫోన్ చేసి, 'మీరు ఎన్ని రోజులు అడిగినా ఇచ్చేవాణ్ని, రెండుసార్లు అడిగారు చూడండి, అదే ఇబ్బంది' అన్నాడు. ఆ తర్వాత ఏడాది పాటు ఆ ఆఫీసు నుంచి చిన్న చిన్న పనులే వచ్చాయి.

కాబట్టి 18 అంటే మీ జవాబు ముందే సిద్ధంగా ఉండాలి. 15 రాత్రికి మీరు 7,500 పదాలు చేయగలరు. మిగిలే 3,000, చివరి రెండు అధ్యాయాలనుకుందాం, వేరేవాళ్లకు ఇమ్మనండి. అప్పుడు 17న సరిచూసి 18 సాయంత్రానికి ఇవ్వగలరు. అంత డబ్బు తగ్గుతుంది, తగ్గనివ్వండి. మీ మాటల జాబితా ఆ అనువాదకుడికి కూడా ఇస్తానని చెప్పండి. ఈ దారి మొదటి మెయిల్‌లోనే రాయచ్చు కదా అంటారేమో. నేనైతే రాయను, రాస్తే 20 కుదిరేచోట కూడా దాన్నే పట్టుకుంటారు. ఈ విషయంలో నాతో ఒప్పుకోనివాళ్లు ఉన్నారు.

ఫోన్‌లో ఒప్పుకున్నది ఏదైనా ఆ సాయంత్రమే ఒక లైను మెయిల్ పెట్టండి: 'మనం అనుకున్నట్టు 20 సాయంత్రం 5 గంటలకు.' వాట్సాప్‌లో బొటనవేలి గుర్తు సరిపోదు. మన కాంట్రాక్ట్ చట్టం, 1872లోని 63వ సెక్షన్ ప్రకారం పని చేయించుకునే పార్టీ గడువు పొడిగించవచ్చు, కానీ పొడిగించారని రేపు చూపించుకోవాల్సింది మీరే. పర్చేజ్ ఆర్డర్ ఒకసారి తీసి చదవండి, ఆలస్యానికి కోత ఉందేమో. ఉంటే అందులో తేదీ కూడా మార్చమని అడగండి. ప్రాజెక్ట్ మేనేజర్‌కి మీ జ్వరం గుర్తుంటుంది. నెల తర్వాత బిల్లు చూసే అకౌంట్స్ వాళ్లకు కాగితం మీది 13 మాత్రమే కనిపిస్తుంది.

మళ్లీ పని ఇస్తారా అన్నారు. అది 13న మొదటి విడత వెళ్లడం మీద చాలావరకు ఉంటుంది. అది మధ్యాహ్నానికే పంపేయండి. 17 రాత్రికి లెక్క చూసుకుంటే మిగిలింది 1,500 పదాలే ఉండాలి. 3,000 దాటి ఉంటే దాచకుండా ఆ రాత్రే చెప్పి, ఆ అధ్యాయం వేరేవాళ్లకు ఇవ్వమనండి. మళ్లీ గడువు మాత్రం అడగకండి.

20న ఫైలు పంపేటప్పుడు ఆలస్యానికి మళ్లీ క్షమాపణలు వద్దు. మాటల జాబితా తాజాది, మీకు అర్థం సందేహంగా ఉన్న మూలవాక్యాలు పేజీ నంబర్లతో జతచేయండి. రివ్యూయర్‌కి కావాల్సింది అదే.