ముందు మాటేమీ లేకుండా థ్యాంక్స్ వస్తే?

బెంగళూరులో ఉంటాను. తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో "చాలా థ్యాంక్స్ అన్నా, ఇంటి అడ్వాన్స్ మొత్తం వచ్చేసింది" అని వచ్చింది. పైన పాత మెసేజ్ ఒక్కటీ లేదు. ఏమని జవాబివ్వాలి?

"పర్లేదు తమ్ముడూ" అని మాత్రం పెట్టకండి. మర్యాదగానే ఉంటుంది కానీ, ఇంటి ఓనరుతో మాట్లాడి అడ్వాన్స్ ఇప్పించిన అసలు మనిషికి ఆ థ్యాంక్స్ ఎప్పటికీ చేరదు. "ఎవరు మీరు?" అన్నా బాగోదు. నిజంగా మీరు సాయం చేసినవాడే అయితే చిన్నబుచ్చుకుంటాడు.

ముందు ఆ నంబరు చివరి అంకెలతో కాల్ లిస్టులో వెతకండి. మాట ఫోన్లో జరిగి ఉండొచ్చు. చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగ్ ఉంటే 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో చెరిగిపోతాయి. మీ సిమ్ కొత్తదైతే ఇంకో సంగతి: మూసేసిన నంబర్లను కొన్నాళ్లాగి వేరేవాళ్లకిస్తారు. ఆ థ్యాంక్స్ పాత యజమానికి కావొచ్చు.

ఏదీ తేలకపోతే ఇలా రాయండి:

"అడ్వాన్స్ వచ్చినందుకు సంతోషమండీ. అయితే ఈ చాట్‌లో నాకు పాత మెసేజ్‌లేవీ కనిపించడం లేదు, మీ పేరూ లేదు. వేరేవాళ్లకి పంపబోయి నాకు పంపారేమో, ఒక్కసారి చూసుకోండి."

మొదటి వాక్యంలో అతను చెప్పిన విషయమే ఉంది కాబట్టి మెసేజ్ చదివారని తెలుస్తుంది. సాయం మీరు చేశారనీ, చేయలేదనీ ఎక్కడా అనలేదు.

పొరపాటైతే "సారీ అండీ" అని ఆగిపోతారు. ఆగకుండా మీ ఉద్యోగం, జీతం అడుగుతూ కబుర్లు పెంచితే బ్లాక్ చేసేయండి, మోసాలు ఇలాగే మొదలవుతాయి.