ఒకే మొత్తం రెండుసార్లు కనిపిస్తే డబుల్ కట్ అయినట్టేనా?

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. పత్తి వేశాను, ట్రాలీ ఆటో కూడా నడుపుతాను. ఫోన్‌లో తీసిన బ్యాంకు స్టేట్‌మెంట్ స్క్రీన్‌షాట్లు పంపుతున్నా. అందులో 5,400 రెండుసార్లు, 1,146 రెండుసార్లు, 590 రెండుసార్లు కట్ అయ్యాయి. ఎరువుల షాపాయన నాకు ఒక్కసారే వచ్చింది అంటున్నాడు. బ్యాంకులో అడిగితే అన్నీ సక్సెస్ అంటున్నారు. మొత్తం 7,136 రూపాయలు నాకు ఎవరివ్వాలి? సైబర్ క్రైమ్‌లో కేసు పెట్టాలా?

జవాబు: 5,400 మీరు గట్టిగా అడగవచ్చు. 1,146 అసలు రెండోసారి పోనే లేదు. 590ల సంగతి మాత్రం ఆ 5,400 ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి తేలుతుంది. సైబర్ క్రైమ్‌కు ఇప్పుడే వెళ్లకండి, ఎందుకో తర్వాత చెప్తాను.

మీ స్క్రీన్‌షాట్లలో మనకు పనికొచ్చే వరుసలు ఇవి. రిఫరెన్స్ నంబర్లలో చివరి నాలుగు అంకెలే ఉంచాను.

```
28-06  UPI/DR/...4417   5,400.00   12,846.00
28-06  UPI/DR/...4582   5,400.00    7,446.00
02-07  UPI/DR/...7093   1,146.00    6,300.00
02-07  UPI/DR/...7093   1,146.00    6,300.00
05-07  NACH RTN CHG       590.00    5,710.00
08-07  NACH RTN CHG       590.00    5,120.00
```

అందరూ కట్ అయిన మొత్తం చూస్తారు. నేను ముందు కుడి చివర ఉన్న బ్యాలెన్స్ చూస్తాను. కరెంటు బిల్లు 1,146 నిజంగా రెండుసార్లు పోయి ఉంటే రెండో వరుసలో బ్యాలెన్స్ 5,154 ఉండాలి. రెండు చోట్లా 6,300 అనే ఉంది, రిఫరెన్స్ నంబరు కూడా ఒకటే. అంటే మొదటి స్క్రీన్‌షాట్ అడుగున ఉన్న వరుసే, మీరు కొంచెం తక్కువ జరిపి రెండోది తీయడంతో, దాని పైన మళ్లీ వచ్చింది. దీని మీద ఫిర్యాదు రాసి ఉంటే బ్యాంకువాళ్లు ఆ ఒక్క తప్పు పట్టుకుని, అసలైన 5,400ను కూడా అలాగే కొట్టిపారేసేవారు.

5,400 అలా కాదు. బ్యాలెన్స్ రెండుసార్లు తగ్గింది, నంబర్లు కూడా వేరు. మీ ఖాతాలోంచి నిజంగానే రెండు పేమెంట్లు వెళ్లాయి. 590లు కూడా నిజమైన కోతలే, కానీ ఒకదానికి నకలు ఇంకొకటి కాదు. మీ ఆటో కిస్తీ 5న ఒకసారి, 8న ఒకసారి ఖాతాకు వచ్చి, బ్యాలెన్స్ చాలక రెండుసార్లూ తిరిగిపోయింది. తిరిగిన ప్రతిసారీ బ్యాంకు 500 ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 90 కలిపి కోసింది.

ఇక్కడ ఒక చిన్న పని చేయండి. తెల్ల కాగితం మీద నాలుగు పద్దులు గీయండి. షాపులకు, బిల్లులకు ఇచ్చింది ఒకటి, కిస్తీలు ఒకటి, బ్యాంకు కోతలు ఒకటి, మన డబ్బే మన ఇంట్లో ఇంకో ఖాతాకు పంపింది ఒకటి. ప్రతి వరుసనూ వీటిలో ఏదో ఒక దానిలో రాయండి. ఇది ఇంటి ఖర్చు లెక్క కోసం కాదు. ఏ డబ్బు ఎవరిని అడగాలో ఈ పద్దే చెప్తుంది. మొదటి పద్దులోది షాపాయన్ను, రెండోది అప్పిచ్చిన కంపెనీని, మూడోది బ్యాంకును అడగాలి. నాలుగో పద్దులోది ఎవరినీ అడగడానికి లేదు. జూన్ 26న మీ ఇంటావిడ ఖాతాకు వెళ్లిన 9,000 పక్కన మీరు ప్రశ్నార్థకం పెట్టారు, అది ఈ నాలుగో పద్దులోది.

ఇక ఆ 5,400. మీరు రాయలేదు గానీ జరిగింది ఇదే అయి ఉంటుంది. మొదటిసారి స్కాన్ చేస్తే ఫోన్‌లో పెండింగ్ అని తిరిగింది, షాపులో ఉన్న స్పీకర్ బాక్స్ పలకలేదు. మళ్లీ కొట్టమన్నారు, మళ్లీ పిన్ కొట్టారు, అప్పుడు బాక్స్ పలికింది. తర్వాత ఎప్పుడో మొదటిది కూడా పూర్తయింది. షాపాయన ఒక్కసారే వచ్చిందంటే అబద్ధమే అనుకోవద్దు. క్యూఆర్ ఇచ్చిన కంపెనీ ఆ రోజు వసూళ్లన్నీ కలిపి ఒకే మొత్తంగా ఆయన ఖాతాలో వేస్తూ ఉంటే, అందులో మీది ఒకటా రెండా అని బాక్స్ విని చెప్పలేరు. ఆయన యాప్‌లో 28, 29 తేదీల సెటిల్‌మెంట్ తెరిచి, 4417, 4582 రెండూ ఉన్నాయేమో పక్కన కూర్చుని చూడండి. చాలాసార్లు గొడవ అక్కడే తెగుతుంది.

తెగకపోతే బ్యాంకుకు కాగితం రాయండి. కౌంటర్‌లో అడిగితే వచ్చే "అన్నీ సక్సెస్" అన్న మాట సరిపోదు. రెండు నంబర్లూ పూర్తిగా, అన్ని అంకెలతో రాసి, "4417తో ముగిసే పేమెంట్ ఎవరి ఖాతాకు, ఏ తేదీన జమ అయింది?" అని అడగండి. పేమెంట్ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అక్కడ కూడా ఫిర్యాదు పెట్టి, వచ్చిన ఫిర్యాదు నంబరు కాగితంలో రాయండి. వాళ్ల జవాబు రెండు రకాలుగా ఉండొచ్చు. మీ దారి దాన్ని బట్టి మారుతుంది.

షాపాయనకు చేరిందని తేలితే బ్యాంకు పక్కకు తప్పుకున్నట్టే. అప్పుడు పట్టుకోవాల్సింది 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 72. పొరపాటున చెల్లించిన డబ్బు పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వాలని అది చెప్తుంది. ఆయన మోసం చేశాడని మీరు రుజువు చేయనక్కర్లేదు. ఒక్క సరుకుకు రెండుసార్లు ఇచ్చానని చూపితే చాలు. దానికి మీ దగ్గర మంచి సాక్ష్యం ఉండాలి. ఎరువులు ఆధార్ మీద, ఈ-పాస్ మిషన్‌లో ఎక్కించి అమ్ముతారు కదా, ఆ స్లిప్పులో నాలుగు డీఏపీ బస్తాలు, బస్తాకు 1,350 చొప్పున 5,400 అని ఉంటుంది. ఆ రోజు అలాంటి స్లిప్పు ఒక్కటే ఉంటే, రెండో 5,400కు సరుకు లేనట్టే. స్లిప్పు పారేస్తే షాపులో నకలు అడగండి.

షాపాయనకు చేరలేదని తేలితే కథ వేరు. మీ ఖాతాలో కట్ అయి, షాపుకు నిర్ధారణ అందని యూపీఐ పేమెంట్ డబ్బు, పేమెంట్ రోజు తర్వాత ఐదు రోజుల్లోపు దానంతట అదే తిరిగి రావాలి. 2019 సెప్టెంబర్ 20న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు అది. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు, మీరు అడగకపోయినా ఖాతాలో వేయాలి. షాపాయనది వ్యాపార క్యూఆర్ అయితే ఈ ఐదు రోజులు. మామూలు సొంత ఖాతాకు పంపినట్టయితే ఒక్క రోజే. మీ లెక్కలో జూన్ 28 తర్వాత ఐదో రోజు జులై 3. జులై 4 నుంచి మీటర్ తిరుగుతుంది. డబ్బు జులై 20న వచ్చిందనుకోండి, 17 రోజులకు 1,700 కూడా రావాలి.

ఇప్పుడు 590ల దగ్గరికి వద్దాం. జులై 5న మీ ఖాతాలో 6,300 ఉంది, కిస్తీ 6,850. ఆ 5,400 జులై 3 కల్లా తిరిగి వచ్చి ఉంటే 11,700 ఉండేది, కిస్తీ సాఫీగా కట్టుకుపోయేది. కాబట్టి తప్పు బ్యాంకు ఆలస్యానిదైతే, రెండు ఛార్జీలూ కలిపి 1,180 ఆ ఆలస్యం వల్ల పడ్డ నష్టమే. బ్యాంకుకు రాసే కాగితంలో బ్యాలెన్స్ లెక్క సహా ఇది కూడా అడగండి. తప్పు షాపు వైపుదైతే ఈ 1,180 రాబట్టడం కష్టం. సెక్షన్ 72 పుచ్చుకున్న డబ్బును తిరిగి ఇప్పిస్తుంది గానీ, దాని వల్ల మీకు ఇంకెక్కడో పడ్డ దెబ్బకు షాపాయన్ను బాధ్యుణ్ణి చేయదు. మీరే రెండోసారి పిన్ కొట్టారన్న మాట కూడా ఆయన తరఫు వకీలు తప్పకుండా అంటాడు. ఆ 1,180 కోసం అసలు 5,400 రాజీని చెడగొట్టుకోవద్దని నా సలహా.

సైబర్ క్రైమ్ ఎందుకు వద్దన్నానంటే, 1930 నంబరు మోసాలకు. మీరు రెండుసార్లూ స్వయంగా పిన్ కొట్టారు. మోసం అని ఫిర్యాదు పెడితే షాపాయన ఖాతాలో డబ్బు ఆపేసే ప్రమాదం ఉంది. వానాకాలం సీజన్‌లో ఎరువుల షాపు ఖాతా ఆగితే ఆయన మీకు ఇచ్చే మాట దేవుడెరుగు, మీ మీదే కేసు వేస్తానంటాడు. మూడు పనిదినాల్లో చెప్తే మీ బాధ్యత సున్నా అని వాట్సాప్‌లో తిరిగే మాట కూడా మీకు తెలియకుండా జరిగిన లావాదేవీలకే, దీనికి కాదు.

స్క్రీన్‌షాట్ బ్యాంకు ఫిర్యాదుకు చాలు. కోర్టుకు చాలదు. బ్రాంచిలో జూన్ 25 నుంచి జులై 10 వరకు స్టేట్‌మెంట్ అడిగి, 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద ధృవీకరించి ఇవ్వమనండి. ఆ మాట కాగితంలో రాయండి, లేకపోతే ఒట్టి ముద్ర కొట్టి పంపిస్తారు. ఫోన్‌లో ఉన్న చిత్రమే దాఖలు చేయాలంటే, కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద వేరే సర్టిఫికెట్ జతచేయాలి. అంత దూరం వస్తే చూద్దాం. ఈలోగా అసలు స్క్రీన్‌షాట్లను కత్తిరించకుండా, గీతలు పెట్టకుండా ఫోన్‌లో ఉంచండి. ఎర్ర గుండ్రాలు చుట్టాలంటే నకలు మీద చుట్టండి. మీరు నాకు పంపిన వాటిలో రెండు అప్పటికే గీతలతో ఉన్నాయి, అసలువి డిలీట్ చేయలేదనే అనుకుంటున్నా.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆలస్యం చేయకుండా ఫిర్యాదు పెట్టండి. ఫీజు లేదు. అక్కడ లాయర్ల ద్వారా ఫిర్యాదు తీసుకోరు, మీరే పెట్టుకోవాలి. నాకు పని తప్పింది. షాపాయన మొండికేస్తే నల్గొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కాగితం ఇవ్వండి. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ చేస్తారు, అక్కడ రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు ఫిర్యాదుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది.

అన్నిటికంటే ముందు రేపే ఆటో కిస్తీ కట్టేయండి. డబ్బు తిరిగి రావడానికి నెల పట్టొచ్చు. ఈలోగా కిస్తీ మూడోసారి వచ్చి తిరిగిపోతే ఇంకో 590 పోతుంది. ఆలస్యం మీ సిబిల్ రికార్డులో కూడా పడుతుంది. కట్టిన రసీదు బ్యాంకు కాగితానికి జతచేయండి.