పారిస్‌లో దారి అడగబోయే మేనకోడలికి

అమ్మడూ,

వచ్చే నెల నువ్వు పారిస్‌లో దిగుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. క్లాసులో నేర్చుకున్న ఫ్రెంచ్ నీకు బాగానే వచ్చు. కానీ వీధిలో జనం దారి చెప్పేటప్పుడు ఆగి ఆగి చెప్పరు, మాటలన్నీ కలిపేసి గబగబా చెప్పి వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉన్నదాన్ని, ఎక్కడెక్కడ చెవి మోసపోతుందో నాకు తెలుసు. అవే రాస్తున్నాను.

ముందు అడగడం సంగతి. ఎవరినైనా ఆపగానే నేరుగా ప్రశ్న వేయకు. మొదట 'బోన్‌జూర్' అను, వాళ్ళు తిరిగి 'బోన్‌జూర్' అనేదాకా ఆగు. చీకటి పడితే 'బోన్‌స్వార్'. అది లేకుండా అడిగితే ఇక్కడ చాలామందికి మొరటుగా అనిపిస్తుంది, సగం మంది తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతారు. ఆ తర్వాత 'ఎక్స్‌క్యూజే మ్వా, జ షెర్ష్...' అని, వెళ్ళాల్సిన చోటు పేరు చెప్పి, చివర 'సిల్ వు ప్లే' చేర్చు. 'ఫలానా చోటు వెతుకుతున్నాను' అన్నట్టే. ఇంతకంటే పెద్ద వాక్యం అక్కర్లేదు. వాక్యం ఎంత అందంగా అడిగితే జవాబు అంత వేగంగా వస్తుంది, అది గుర్తుపెట్టుకో.

ఇక జవాబు వినడం. అసలు చిక్కంతా 'తు ద్ర్వా', 'ఆ ద్ర్వాత్' అనే రెండు మాటల దగ్గరే ఉంది. తు ద్ర్వా అంటే తిన్నగా వెళ్ళమని. ఆ ద్ర్వాత్ అంటే కుడికి. రాతలో చూస్తే రెండింటిలోనూ 'త' అక్షరం కనిపిస్తుంది, రెండోదానిలో దాని తర్వాత ఇంకో అక్షరం ఉంటుంది. కానీ మొదటిదానిలో దాన్ని పలకరు, రెండోదానిలో స్పష్టంగా పలుకుతారు. అందుకని చివర 'త్' వినిపించిందా లేదా అన్నదే చూడు. వినిపిస్తే కుడి, వినిపించకపోతే తిన్నగా. బస్సు చప్పుడులో ఆ 'త్' పోతే ఇక మిగిలేది ముందున్న మాట. 'తు' అన్నారా, 'ఆ' అన్నారా? అదీ వినపడకపోతే వాళ్ళ చేతిని చూడు. దారి చెప్పేవాళ్ళు దాదాపు ఎప్పుడూ చెయ్యి ఊపుతూనే చెబుతారు.

అయితే 'తు' వినిపించగానే తిన్నగా అనుకోవడానికీ లేదు. 'తుత్ స్వీత్ ఆ ద్ర్వాత్' అంటే వెంటనే కుడికి తిరగమని. 'తు తో బూ' అంటే పూర్తిగా చివరిదాకా వెళ్ళమని. మూడూ ఒకేలా మొదలవుతాయి. కాబట్టి మొదటి ముక్క పట్టుకుని పరుగెత్తకు, మాట మొత్తం పూర్తి కానీ.

'ఓ బూ ద' అంటే దేనికైనా చివర. 'ఓ బూ ద లా ర్యు' అంటే వీధి చివర, 'ఓ బూ ద్యు కే' అంటే ప్లాట్‌ఫారం చివర. ఇది విన్నప్పుడు మధ్యలో ఎన్ని సందులు వచ్చినా తిరగకూడదు, ఆ వీధి ఎక్కడ ముగుస్తుందో అక్కడికి వెళ్ళాలి. తర్వాత ఏం చేయాలో దాని వెనకే చెబుతారు. 'ఓ బూ ద లా ర్యు, ఆ గోష్' అంటే రెండు పనులు: ముందు చివరిదాకా, ఆ తర్వాత ఎడమకి. కొత్తవాళ్ళు ఆఖరున విన్న 'గోష్' ఒక్కటే మనసులో ఉంచుకుని మొదటి సందులోనే ఎడమకి తిరిగేస్తారు. వెనక నిమిషాలు వస్తే మాత్రం అది చోటు కాదు, సమయం. 'ఓ బూ ద సాంక్ మినుత్' అంటే అయిదు నిమిషాలయ్యాక.

భవనం లోపలైతే 'ఓ ఫోన్' అంటారు. లోపలి కొసన అన్నమాట. పారిస్‌లో చాలా ఆఫీసులు వీధి గుమ్మంలో ఉండవు, గేటు దాటి ముంగిలి లోపల ఉంటాయి. 'ఓ ఫోన్ ద లా కూర్' అన్నారంటే ఆ ముంగిలి వెనక్కి వెళ్ళు.

నీకు నిజంగా పనికొచ్చే దారి ఒకటి చెబుతాను. చదువుకోవడానికి నువ్వు సెంత్-జన్‌వియెవ్ లైబ్రరీకి ఎలాగూ వెళ్తావు. లుగ్జాంబూర్ స్టేషన్లో దిగి, పార్కు గేటు ఎదుట ఉన్న కూడలిలోకి వచ్చి అడిగావనుకో. ఇలా చెబుతారు: 'వు రమోంతే లా ర్యు సూఫ్లో, తు ద్ర్వా. ఓ బూ, సె ల పాంతియోన్. లా బిబ్లియోతెక్ ఎ సుర్ లా ప్లాస్, ఆ గోష్.' అంటే సూఫ్లో వీధి వెంట తిన్నగా పైకి వెళ్ళు, చివర పాంతియోన్ అనే పెద్ద కట్టడం వస్తుంది, ఆ చౌకులో ఎడమ పక్కన లైబ్రరీ అని.

'రమోంతే' అంటే ఎత్తు వైపు వెళ్ళమని. సూఫ్లో వీధి గుట్ట మీదికి ఎక్కుతుంది, కాబట్టి నీ కాళ్ళ కింద ఎత్తు తెలియాలి, ఎదురుగా పాంతియోన్ గుమ్మటం కనబడాలి. మధ్యలో సెంజాక్ వీధి అడ్డంగా వస్తుంది. తు ద్ర్వాని కుడి అనుకుని అక్కడ తిరిగితే దక్షిణానికి వెళ్ళిపోతావు. గుమ్మటం ఎదురుగా లేదనిపించిన క్షణంలో ఆగు, వెనక్కి రా.

ఆ వీధి చివరికి వచ్చేసరికి కుడి పక్కన మెరీ, అంటే అయిదో వార్డు మునిసిపల్ ఆఫీసు ఉంటుంది. 'వు ఆవే లా మెరీ సుర్ వోత్ర్ ద్ర్వాత్' అని ఎవరైనా అంటే కుడికి తిరగమని కాదు, అది నీ కుడి చేతి పక్కన కనబడుతుందని. 'సుర్ వోత్ర్' అన్నప్పుడు చెప్పేది గుర్తు మాత్రమే. 'తూర్నే' అంటే తిరగమని. ఈ ఒక్క తేడా తెలియక చాలామంది గుర్తు చూపిన చోటల్లా తిరిగి దారి తప్పుతారు. లైబ్రరీ ఎడమ పక్కన, పొడవాటి రాతి భవనం. గోడ మీద వరుసల కొద్దీ రచయితల పేర్లు చెక్కి ఉంటాయి. 1851లో తెరిచారు, లోపలి పైకప్పుని మోసేవి ఇనుప కమానులు. నువ్వు చూసి తీరాలి.

విన్నది సరిగ్గా అర్థమైందో లేదో తేల్చుకోవడానికి ఒకే పద్ధతి నాకు నమ్మకంగా పనిచేస్తుంది. తల ఊపేసి కదలకు. విన్నదాన్ని నీ చేత్తో చూపిస్తూ తిరిగి చెప్పు: 'దోంక్ తు ద్ర్వా, ప్వి ఆ గోష్, సె సా?' అంటే తిన్నగా వెళ్ళి తర్వాత ఎడమకి, అంతేనా అని. అలా తప్పు చెబితే ఇక్కడి జనం వెంటనే సరిదిద్దుతారు, అందులో మొహమాటం లేదు. కుడికా, తిన్నగానా అన్న అనుమానం ఉంటే నేరుగా 'తు ద్ర్వా ఊ ఆ ద్ర్వాత్?' అని అడిగెయ్. వేగం ఎక్కువైతే 'ప్ల్యు లాంతమాన్, సిల్ వు ప్లే' అను, ఇంకాస్త నెమ్మదిగా చెప్పమని. దారి పొడుగ్గా ఉంటే మొదటి రెండు మలుపులే గుర్తుపెట్టుకుని అంతదాకా వెళ్ళి, అక్కడ మరొకరిని అడుగు.

షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి ఆర్‌ఈఆర్ బి రైలు ఎక్కితే మారకుండా లుగ్జాంబూర్లోనే దిగొచ్చు. మొదటిసారి పెట్టెలు లేకుండా, పగటిపూట ఒక్కదానివే ఆ వీధిలో నడువు. ఫోన్ బ్యాగులో పెట్టుకుని ఇద్దరు ముగ్గుర్ని అడుగు, జవాబు ఒకటే కాబట్టి ఒక్కొక్కరు దాన్ని ఎలా పలుకుతారో పోల్చి వినొచ్చు.

దిగగానే ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
నీ మేనత్త